వేగం తగ్గాలి, శ్రుతి తగ్గకూడదు: సాధన కోసం రికార్డింగును నెమ్మది చేయడానికి ఏ దారి ఎప్పుడు

కొన్నేళ్ళ కిందట ఒక వయొలిన్ ముక్కను సగం వేగానికి తగ్గించి వారం రోజులు సాధన చేశాను. వెనకాల డ్రమ్ము కూడా ఉన్న రికార్డింగు అది. సగం వేగంలో వింటే ప్రతి నాలుగో స్వరం దగ్గర డ్రమ్ము మీద రెండు దెబ్బలు, వెంటవెంటనే, 'టట్' అని పడుతున్నట్టు వినిపించింది. భలే ఉందే అనుకుని, నా బౌను కూడా అక్కడ చిన్నగా రెండుసార్లు కదిలించడం అలవాటు చేసుకున్నాను. వారం తర్వాత డ్రమ్ము వాయించే స్నేహితుడి ముందు వాయిస్తే అతను మధ్యలోనే ఆపేశాడు. "అక్కడ ఒకటే దెబ్బ కదరా, నువ్వెందుకు రెండు వేస్తున్నావు?"

అసలు రికార్డింగులో నిజంగానే ఒకటే దెబ్బ ఉంది. రెండోది నేను వాడిన ప్లేయర్ పుట్టించింది. ఆ ప్లేయర్ చెడ్డదేం కాదు. ఇప్పటికీ రోజూ దాన్నే వాడతాను. కాకపోతే దానికి చేతకాని పనిని దానికి అప్పజెప్పాను. "ఏ యాప్ మంచిది?" అని ఎవరైనా అడిగితే నేను ముందు రెండు ఎదురు ప్రశ్నలు వేసేది అందుకే. రికార్డింగులో ఏమేం వాద్యాలున్నాయి? ఎంత వరకు తగ్గించాలి?

లోపల జరిగేది ఏమిటి

వేగం తగ్గించడానికి పాతకాలపు దారి రికార్డునో టేపునో నెమ్మదిగా తిప్పడం. అలా చేస్తే శ్రుతి కూడా పడిపోతుంది. సగం వేగమంటే సరిగ్గా ఒక స్థాయి కిందికి. 80 శాతం వేగానికే దాదాపు నాలుగు అరస్వరాలు పడిపోతుంది. వింటూ పక్కన వాయిద్దామంటే మన వాద్యం శ్రుతి కుదరదు. టేపు రోజుల్లో చాలామంది అయితే సగానికే తగ్గించేవాళ్ళు. స్థాయి కిందికి దిగినా స్వరాల పేర్లు మారవు కాబట్టి అదే కాస్త నయం.

శ్రుతిని కదలనివ్వకుండా వేగం మాత్రం తగ్గించడానికి కంప్యూటర్లలో ప్రధానంగా రెండు పద్ధతులున్నాయి.

మొదటిది కత్తిరించి అతికించే పద్ధతి. శబ్దాన్ని కొన్ని పదుల మిల్లీసెకన్ల పొడవున్న ముక్కలుగా కోసి, వాటిని కొంచెం ఒకదాని మీద ఒకటి పడేలా దూరదూరంగా పేరుస్తారు. ముక్క లోపల అలలు మారవు కాబట్టి శ్రుతి మారదు. ముక్కలు ఎక్కువసార్లు వినిపిస్తాయి కాబట్టి నిడివి పెరుగుతుంది. సగం వేగంలో అయితే ప్రతి చిన్న ముక్కా దాదాపు రెండుసార్లు వినిపిస్తున్నట్టే లెక్క. అతుకు దగ్గర అలలు పొందికగా కలిసే చోటును వెతికి అతికించడం ఇందులో ముఖ్యమైన తెలివి. ఈ మెరుగైన రూపాన్ని 1993లో వెర్‌హెల్స్ట్, రూలాండ్స్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రతిపాదించారు. దాని పేరు డబ్ల్యూసోలా. ప్లేయర్లలో, బ్రౌజర్లలో వేగం మార్చే బటన్ల వెనక సాధారణంగా ఉండేది ఈ కుటుంబమే, ఎందుకంటే లెక్క తేలిక, అప్పటికప్పుడు అయిపోతుంది.

ఇప్పుడు నా రెండు దెబ్బల సంగతి మీకు తట్టే ఉంటుంది. డ్రమ్ము దెబ్బ కొన్ని మిల్లీసెకన్లలో పుట్టి పడిపోతుంది. ఆ దెబ్బ ఉన్న ముక్క రెండుసార్లు వినిపిస్తే దెబ్బ కూడా రెండవుతుంది. వయొలిన్ స్వరానికి ఈ బాధ లేదు. అది సాగుతూ ఉండే శబ్దం కాబట్టి ఒక ముక్క రెండుసార్లు వచ్చినా చెవికి పట్టదు.

రెండో పద్ధతి విడదీసి మళ్ళీ కట్టేది. శబ్దంలో ఏ సమయానికి ఏయే పౌనఃపున్యాలు ఎంతెంత బలంగా ఉన్నాయో లెక్కకట్టి, ఆ లెక్కనే సాగదీసి, దాన్నుంచి కొత్త శబ్దం తయారుచేస్తారు. దీన్ని ఫేజ్ వొకోడర్ అంటారు. 1966లో బెల్ ల్యాబ్స్‌లో ఫ్లనగన్, గోల్డెన్ దీన్ని మొదట మాటల కోసం తయారుచేశారు. ఇందులో అతుకులే ఉండవు కాబట్టి దెబ్బలు రెండవవు. బదులుగా ఇంకో జబ్బు వస్తుంది. ప్రతి లెక్కకూ కనీసం 40, 50 మిల్లీసెకన్ల శబ్దాన్ని తీసుకోవాలి. ఆ కిటికీలో పడిన పదునైన దెబ్బ కిటికీ అంతటా పరుచుకుపోతుంది. ఫలితంగా డ్రమ్ము మెత్తబడుతుంది, తంతి మీటినప్పటి 'టింగ్' మొదట్లోని పదును పోయి 'యింగ్' అయిపోతుంది, మొత్తం సంగీతం గుహలోనుంచి వస్తున్నట్టు ఉంటుంది.

మంచి ప్రోగ్రాములు ఈ జబ్బును తగ్గించుకోవడానికి దెబ్బలు ఎక్కడున్నాయో ముందే కనిపెట్టి, ఆ చోట లెక్కను కొత్తగా మొదలుపెడతాయి. రబ్బర్ బ్యాండ్ అనే లైబ్రరీ అలాంటిది. దాని మూడో వెర్షన్ 2022లో వచ్చింది. అందులో ఉన్న కొత్త ఇంజిన్, పాతదానికంటే చాలా శుభ్రంగా సాగదీస్తుంది, ఎక్కువ లెక్క చేస్తుంది. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ ప్రోగ్రాములో Change Tempo ఎఫెక్టుకు Use high quality stretching (slow) అని ఒక టిక్కు ఉంటుంది. అది పెట్టకపోతే కత్తిరించి అతికించే పద్ధతి, పెడితే స్వరాలను మోడల్ చేసి మళ్ళీ కట్టే వేరే పద్ధతి నడుస్తుంది. పేరులో 'హై క్వాలిటీ' అని ఉంది కదా అని ఎప్పుడూ టిక్కు పెట్టేయకండి. సాగే స్వరాలకు అది హాయిగా ఉంటుంది. డ్రమ్ములు నిండిన ముక్కకు మాత్రం టిక్కు లేని పద్ధతే ఒక్కోసారి పదునుగా వినిపిస్తుంది.

మూడు రకాల పనిముట్లు

మీ ముందున్న మొదటి దారి, ఇప్పటికే ఉన్న ప్లేయర్. యూట్యూబ్‌లో 0.75, 0.5 వేగాలు ఉన్నాయి, మధ్యలో కావాలంటే 0.05 మెట్లతో జరిపే స్లైడరు ఉంది. వీఎల్‌సీలో, ఎంపీవీలో కూడా వేగం తగ్గించుకోవచ్చు. వాటికి మీ దగ్గరున్న ఫైలు ఇస్తే చాలు. ఇక్కడ ఒక చిన్న చిక్కు ఉంది. వీఎల్‌సీ సెట్టింగుల్లో Time-Stretching అనే టిక్కు తీసేసి ఉంటే వేగంతోబాటు శ్రుతి కూడా పడిపోతుంది. వేగం తగ్గించి, ఒక పొడవైన స్వరం దగ్గర ట్యూనర్ పెట్టి చూడండి. అసలు వేగంలో చూపిన స్వరమే చూపిస్తే సరే. 0.8 వేగంలో నాలుగు అరస్వరాలు కిందికి చూపిస్తుంటే ఆ టిక్కు లేదన్నమాట.

యూట్యూబ్‌కు అసలైన లోటు శబ్దంలో లేదు, లూప్‌లో ఉంది. సాధనలో ఒక నాలుగు సెకన్ల ముక్కను వందసార్లు వినాలి. యూట్యూబ్‌లో లూప్ అంటే వీడియో మొత్తానికే, మధ్యలో ముక్కకు కాదు. ప్రతిసారీ వెనక్కి జరపడం, ప్రతిసారీ అర సెకను అటూ ఇటూ పడటం, చేతిలో వాద్యం ఉండగా ఇదంతా విసుగు. రెండు రోజుల్లో మానేస్తారు.

రెండో దారి సాధన కోసమే చేసిన ప్రోగ్రాములు. అమేజింగ్ స్లో డౌనర్, ఎనీట్యూన్, ట్రాన్స్‌క్రైబ్ ఈ కోవలోవి. వీటిలో ఒక ముక్కకు మొదలూ చివరా గుర్తులు పెట్టి లూప్ చేయొచ్చు, ఆ గుర్తులు దాచుకోవచ్చు, శ్రుతిని విడిగా కొద్దికొద్దిగా పైకో కిందికో జరపొచ్చు. ఇదొక చిన్న వరం. పాత రికార్డింగుల్లో శ్రుతి మన ట్యూనర్ లెక్కకు సరిగ్గా కలవదు. వాద్యాన్ని రికార్డింగుకు కలపడం బదులు రికార్డింగునే వాద్యానికి కలపొచ్చు. ట్రాన్స్‌క్రైబ్‌లో అయితే ఎంచుకున్న చోట ఏ స్వరాలు ఉండొచ్చో పియానో మెట్ల మీద గ్రాఫు గీసి చూపిస్తుంది. అది ఊహ మాత్రమే, ఒక స్వరంతోబాటు మోగే పైస్వరాలను కూడా విడి స్వరాలుగా చూపిస్తుంటుంది. దాన్ని చూసి చెవికి పని తగ్గించకండి.

మూడో దారి, కావలసిన ముక్కను కోసి, నెమ్మది చేసి, వేరే ఫైలుగా దాచుకోవడం. అప్పటికప్పుడు చేయాల్సిన తొందర లేదు కాబట్టి ప్రోగ్రాము ఎక్కువ లెక్క చేయగలదు, శబ్దం శుభ్రంగా వస్తుంది. కానీ వేగం మార్చాలనిపించినప్పుడల్లా మళ్ళీ తయారుచేయాలి. 60, 65, 70, 75 అంటూ ఫైళ్ళు పోగు చేస్తే ఫోన్ నిండుతుంది తప్ప సాధన జరగదు.

నా తీర్పు సూటిగా చెప్పేస్తాను. 70 శాతం, అంతకంటే ఎక్కువ వేగంలో ఈ మూడింటికీ మధ్య తేడా చాలామందికి వినిపించదు. అక్కడ లూప్ ఏది బాగా చేస్తే అదే మంచిది. 60 కింద మొదలవుతుంది అసలు కథ. ఒంటరి గొంతో, వేణువో, వయొలినో అయితే కత్తిరించి అతికించేదే 50 వరకూ బాగుంటుంది, కొన్నిసార్లు రెండో పద్ధతికంటే సహజంగా ఉంటుంది. ఒకే శ్రుతి ఉన్న అలకు అతుకు చోటు దొరకడం తేలిక మరి. పలు వాద్యాలు కలిసి మోగుతుంటే ఒకదానికి కుదిరిన అతుకు ఇంకోదానికి కుదరదు. స్వరాలు వణుకుతున్నట్టు, నీళ్ళలోంచి వస్తున్నట్టు అవుతాయి. అలాంటప్పుడు, 50 దాకా దిగాలనుకుంటే, మూడో దారి ఒక్కటే.

చెవికి ఒక వేగం, చేతికి ఒక వేగం

ఎంత తగ్గించాలి అనే ప్రశ్న దగ్గరే చాలామంది తప్పుతారు. నెమ్మది చేసిన రికార్డింగుకు రెండు వేరువేరు ఉపయోగాలున్నాయి. ఒకటి, అక్కడ ఏ స్వరాలున్నాయో కనిపెట్టడం. ఇది చెవి పని. రెండోది, దానితోబాటు వాయించడం. ఇది చేతి పని. రెంటికీ ఒకే వేగం పనికిరాదు.

చెవికైతే 50, అవసరమైతే 40 వరకూ వెళ్ళొచ్చు. శబ్దం కాస్త చెడినా ఫరవాలేదు, స్వరం తెలిస్తే చాలు.

చేతికి మాత్రం 65 కిందికి వెళ్ళొద్దంటాను. సాగదీసేది స్వరాల మధ్య దూరాన్నే కాదు, స్వరం లోపలి కదలికను కూడా. వయొలిన్ మీద కంపనం సెకనుకు ఆరుసార్లు ఊగుతుందనుకోండి. సగం వేగంలో అది సెకనుకు మూడే. అది కంపనంలా కాదు, స్వరం తప్పి ఊగుతున్నట్టు వినిపిస్తుంది. దాన్ని అనుకరిస్తూ వాయిస్తే వేలు ఆ నెమ్మది ఊపునే నేర్చుకుంటుంది. గమకాలకూ, జారుళ్ళకూ ఇదే గతి. అసలు వేగంలో చటుక్కున జారిపోయేది సగంలో మెల్లగా పాకుతుంది, మీరూ పాకించడం మొదలుపెడతారు.

బౌ విషయంలో ఇంకా తేటగా కనిపిస్తుంది. వేగంగా వాయించేటప్పుడు బౌ తంతి మీద దానంతటదే ఎగిరే ఒక రకం కదలిక ఉంది. అది ఒక వేగం దాటితేనే పుడుతుంది. నెమ్మది చేసిన రికార్డింగుతో వాయిస్తే ఆ కదలిక రానే రాదు. చేతికి నేల మీద నడక నేర్పి పరుగు పందేనికి పంపినట్టవుతుంది. వేణువు వాళ్ళకు చిక్కు ఊపిరితో. ఒక్క ఊపిరిలో పట్టే 8 సెకన్ల పదం సగం వేగంలో 16 సెకన్లు. ఊపిరి చాలక మధ్యలో ఎక్కడో గాలి పీలుస్తారు, తర్వాత అసలు వేగంలోనూ అక్కడే పీలుస్తారు.

ఒక ముక్కను చివరి వరకూ పట్టుకుందాం

లెక్కలు తేలిగ్గా ఉండేలా ఒక ముక్క తీసుకుంటాను. వయొలిన్, వెనక డ్రమ్ము, నిమిషానికి 144 బీట్లు. బీటుకు నాలుగు స్వరాలు, ఎనిమిది బీట్ల పొడవు. అంటే 32 స్వరాలు, 3.33 సెకన్లు. ఒక్కో స్వరానికి దక్కేది దాదాపు 104 మిల్లీసెకన్లు. మధ్యలో, పదిహేడో స్వరం నుంచి ఇరవయ్యో స్వరం దాకా, వేలు తంతి మీద చోటు మారుతూ ఒక చిన్న జారుడు. అక్కడే చెవికి ఏమీ అందడం లేదు.

మొదటి పని, ఈ ముక్కను అసలు రికార్డింగునుంచి కోయడం. ముక్క 41.62 సెకన్ల దగ్గర మొదలై 44.95 దగ్గర ముగుస్తోందనుకుందాం. అంచుల దగ్గర సాగదీత సరిగ్గా రాదు కాబట్టి ముందూ వెనకా చోటు వదిలి ఆరు సెకన్లు కోస్తాను. ఎంపీ3 కాకుండా ఫ్లాక్ లేదా వేవ్ దొరికితే అదే వాడండి. తక్కువ బిట్‌రేటు ఎంపీ3ల్లో దాగి ఉన్న గరగర అసలు వేగంలో వినిపించదు గానీ సాగదీస్తే బయటపడుతుంది. అప్పుడు తప్పంతా సాగదీసిన ప్రోగ్రాముదే అనుకుంటాం.

```
ffmpeg -ss 40.7 -t 6 -i patham.flac mukka.wav
rubberband -3 -T 0.5 mukka.wav mukka50.wav
```

మొదటి వరుస ముక్కను కోస్తుంది, రెండోది మెరుగైన ఇంజిన్‌తో సగం వేగానికి తెస్తుంది. ఆరు సెకన్ల ఫైలు పన్నెండు అవుతుంది. కమాండ్లు టైపు చేయడం ఇష్టం లేనివాళ్ళు ఇదే పని ఆడాసిటీలో ముక్కను ఎంచుకుని Change Tempo తెరిచి, శాతం గడిలో -50 ఇచ్చి చేసుకోవచ్చు.

ఇప్పుడు ఒక్కో స్వరానికి 208 మిల్లీసెకన్లు. వాద్యం పక్కన పెట్టి, ఆ నాలుగు స్వరాల చోటునే వింటాను, పాడతాను, కాగితం మీద రాసుకుంటాను. 50లో కూడా జారుడు అంతుపట్టకపోతే 40కి దిగుతాను గానీ, అంతకంటే కిందికి వెళ్ళినా కొత్తగా తెలిసేది ఉండదు. స్వరం గుర్తించడానికి చెవికి ఎంత సమయం కావాలో అది అప్పటికే దొరికింది. ఇంకా తెలియడం లేదంటే సమస్య వేగం కాదు, ఇతర వాద్యాలు కప్పేయడం. రికార్డింగు స్టీరియోలో ఉండి వయొలిన్ ఒక పక్కకు ఎక్కువగా ఉంటే, ఆ ఒక్క చానెల్‌ను మాత్రమే వినండి. వేగం ఇంకా తగ్గించడం కంటే ఇది చాలా మేలు చేస్తుంది.

అనుమానం వచ్చిన ప్రతి దెబ్బనూ, ప్రతి అలంకారాన్నీ ఇక్కడే సరిచూసుకోవాలి. అసలు వేగంలో ఉన్న ఫైలును ఆడాసిటీలో తెరిచి, ఆ చోటును పెద్దది చేసి చూడండి. డ్రమ్ము దెబ్బ గ్రాఫులో నిటారుగా లేచిన ముల్లులా కనిపిస్తుంది. ఒక ముల్లు ఉంటే ఒక దెబ్బ. తెర తెరవడానికి బద్ధకమైతే చెవితోనే ఇంకో పరీక్ష ఉంది. 50లో వినిపించిన రెండు దెబ్బల మధ్య దూరాన్ని గుర్తుపెట్టుకుని 60లో, 75లో వినండి. నిజమైన రెండో దెబ్బ అయితే వేగం పెరిగే కొద్దీ లెక్క ప్రకారం దగ్గరవుతుంది. అతుకు పుట్టించినదైతే ఒక వేగంలో ఉంటుంది, ఇంకోదానిలో మాయమవుతుంది, లేకపోతే వేరే దెబ్బ దగ్గరికి వెళ్ళిపోతుంది. నేను ఆ వారం రోజుల్లో ఒక్కసారైనా 60 పెట్టి విని ఉంటే స్నేహితుడి ముందు తలవంపులు తప్పేవి.

స్వరాలు తెలిశాక 50 ఫైలుతో పని అయిపోయింది. వాయించడానికి వేరే దారికి మారతాను. మళ్ళీ అసలు ఫైలునే తీసుకుంటాను, 50 ఫైలును వేగం పెంచి వాడను. సాగదీసినదాన్ని మళ్ళీ నొక్కితే రెండు పద్ధతుల చెడుగూ కలిసి వస్తుంది.

లూప్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో తేల్చడానికి కొంచెం లెక్క కావాలి. ముక్క మొదటి స్వరం మీదే లూప్ మొదలైతే చేతికి సిద్ధమయ్యే వ్యవధి ఉండదు. ఎనిమిది బీట్ల ముక్కకు ముందు ఒక బీటు, వెనక మూడు బీట్లు కలిపి పన్నెండు బీట్ల లూప్ చేస్తాను. 144 వేగంలో పన్నెండు బీట్లంటే సరిగ్గా 5 సెకన్లు. అందుకే లూప్ 41.2 నుంచి 46.2 వరకూ. చివరి మూడు బీట్లలో బౌను వెనక్కి తెచ్చుకుని, భుజం వదులు చేసుకునే వీలుంటుంది. లూప్ పొడవు నిండు బీట్లలో ఉండటం ముఖ్యం. అర బీటు ఎక్కువ తక్కువైనా, లూప్ తిరిగిన ప్రతిసారీ తాళం తట్టుకుంటుంది, కాలు ఆ తప్పునే లయ అనుకుంటుంది.

ఎంపీవీలో అయితే ఇలా:

```
mpv --speed=0.65 --ab-loop-a=41.2 --ab-loop-b=46.2 patham.flac
```

65 శాతంలో బీట్లు నిమిషానికి దాదాపు 94, ఒక లూప్‌కు 7.7 సెకన్లు. పది నిమిషాలు కూర్చుంటే దాదాపు 78 సార్లు. వేగం పెంచాలంటే `]` మీట నొక్కితే ఒక్కసారికి పది శాతం పెరుగుతుంది, అదీ ఉన్న వేగానికి పది శాతం. అంటే 65 నుంచి 71.5కు. ఈ మెట్టు కొంచెం పెద్దది. సాధన ప్రోగ్రాముల్లో లూప్ తిరిగిన ప్రతిసారీ ఒకటి రెండు శాతం దానంతటదే పెంచే ఏర్పాటు ఉంటే అది వాడుకోండి. అది లేకపోతే నేను `--speed=` విలువనే మార్చి 65, 70, 75 అని ఐదేసి పెంచుతాను. మూడు సార్లు వరుసగా తప్పు లేకుండా వస్తేనే పైమెట్టు. తప్పు వస్తే ఒక మెట్టు దిగడం, రెండు కాదు.

ఈ ముక్కలో నాకు ఇబ్బంది 85 దగ్గర వచ్చింది. అప్పటివరకూ ఒక్కో స్వరానికి ఒక్కో బౌ కదలికగా నడిచింది, 85 దాటాక చేయి బిగుసుకుపోయింది. అది వేగం సమస్య కాదు. అక్కడినుంచి బౌ ఎగరాలి, నేనింకా లాగుతున్నాను. అలాంటి చోట మెట్టు మెట్టుగా ఎక్కడం మానేసి, నాలుగు స్వరాలను మాత్రం తీసుకుని నేరుగా 100లో వాయించి చూడాలి. నాలుగే కాబట్టి వచ్చేస్తుంది. కదలిక ఎలా ఉండాలో చేతికి తెలిశాక మళ్ళీ 85కి దిగి మొత్తం ముక్క.

శాతాల తికమక

ఈ పనిలో ఎక్కువగా జరిగే తప్పు ఇది. ఒక ప్రోగ్రాము వేగాన్ని అడుగుతుంది, ఇంకోటి నిడివిని అడుగుతుంది, మూడోది ఎంత తగ్గించాలో అడుగుతుంది. 70 శాతం వేగం కావాలంటే మొదటిదానికి 0.7, మూడోదానికి -30. రెండోదానికి మాత్రం 130 కాదు, 143. నిడివి అంటే 100ను 70తో భాగించింది, అంటే 1.43 రెట్లు. 130 ఇస్తే వచ్చేది దాదాపు 77 శాతం వేగం. చెవికి పెద్దగా తేడా తెలియదు గనక, నేను 70లో బాగానే వాయిస్తున్నాను అనుకుంటూ ఉంటారు. రబ్బర్ బ్యాండ్‌లో కూడా ఇదే ఉచ్చు ఉంది. పెద్ద `-T` వేగం, చిన్న `-t` నిడివి. ఒక అక్షరం తేడాతో 0.5 ఇస్తే పాట సగానికి తగ్గడం బదులు రెండింతల వేగంతో పరుగెడుతుంది. ఆ తప్పు కనీసం వెంటనే తెలుస్తుంది.

అలాగే, -30 చేసిన ఫైలుకు మళ్ళీ +30 చేస్తే అసలు వేగం రాదు, 91 శాతమే వస్తుంది. తయారైన ఫైలు నిడివిని అసలు ముక్క నిడివితో పోల్చి చూసుకోవడం అన్నిటికంటే సులువు. ఆరు సెకన్లది పన్నెండయితే అది 50, అంతే.

ఇవన్నీ చేశాక 100లో ఆ ముక్క నాకు వచ్చింది, అన్నిసార్లూ కాదు గానీ. mukka50.wav మాత్రం ఇంకా ఫోన్లో ఉంది. పంతొమ్మిదో స్వరం మీద వేలు పెట్టినప్పుడల్లా ఎందుకో అనుమానం వచ్చి, దాన్ని తెరిచి మళ్ళీ వింటుంటాను.